గుజ్జు ఫ్యాక్టరీల అప్పులు: మూడు సగటులను గుణిస్తే నష్టం సగమే ఎందుకు కనిపిస్తుంది

2025 జూన్‌లో చిత్తూరు జిల్లాలో తోతాపురి మామిడి ధర పడిపోయినప్పుడు వార్తలన్నీ రైతు చుట్టూ తిరిగాయి. తిరగాల్సిందే. రైతుకు కిలోకు 12 రూపాయలు దక్కేలా ఫ్యాక్టరీలు 8 రూపాయలు, ప్రభుత్వం 4 రూపాయలు ఇవ్వాలని తేల్చారు. పక్క రాష్ట్రాల కాయ జిల్లాలోకి రాకుండా ఆపితే కర్ణాటక అభ్యంతరం చెప్పింది. ధర పడడానికి ఫ్యాక్టరీల వాళ్లు ప్రధానంగా చెప్పిన కారణం ఒకటే: అంతకుముందు ఏడాది తీసిన గుజ్జు అమ్ముడుపోకుండా డ్రమ్ముల్లోనే ఉంది.

ఆ డ్రమ్ముల మీద ఎవరో ఒకరు అప్పు ఇచ్చే ఉంటారు. అప్పు ఇచ్చినవాళ్ల వైపు నుంచి చూస్తే అమ్ముడుపోని గుజ్జు మూడు అంకెలను ఒకేసారి కదిలిస్తుంది. అప్పుల నష్టాన్ని అంచనా వేసే మామూలు సూత్రంలో ఉండేవి సరిగ్గా ఆ మూడు అంకెలే.

```
EL = PD × LGD × EAD
```

EL అంటే అంచనా నష్టం. PD అంటే వచ్చే పన్నెండు నెలల్లో ఖాతా ఎగవేతలోకి జారే అవకాశం. EAD అంటే జారిన రోజుకు ఆ ఖాతాలో నిలిచి ఉండే బాకీ. LGD అంటే ఆ బాకీలో చివరికి తిరిగి రాకుండా పోయే వాటా. పీడీ 2 శాతం, ఎల్‌జీడీ 25 శాతం, బాకీ 3 కోట్లు అయితే అంచనా నష్టం లక్షన్నర. ఇంతవరకూ ఎవరికీ పేచీ ఉండదు. పేచీ అంతా ఈ మూడు అంకెలను ఎక్కడి నుంచి తెచ్చుకున్నారన్న దగ్గర మొదలవుతుంది.

ఒక ఊహా పోర్ట్‌ఫోలియో తీసుకుందాం. చిత్తూరు, తిరుపతి జిల్లాల్లోని 20 గుజ్జు ఫ్యాక్టరీలకు ఒక బ్యాంకు ఒక్కోదానికి 5 కోట్ల సీసీ లిమిట్ ఇచ్చింది, అంటే ఆ హద్దులోపు కావాల్సినప్పుడు తీసుకుని, డబ్బు వచ్చినప్పుడు జమ చేసే క్యాష్ క్రెడిట్ అప్పు. అంటే మొత్తం 100 కోట్ల లిమిట్. అయిదేళ్లలో నాలుగేళ్లు సరుకు బాగా కదులుతుందనీ, ఒక ఏడాది 2025 లాంటిది వస్తుందనీ అనుకుందాం. ఇక్కడి నుంచి వచ్చే అంకెలన్నీ లెక్క అర్థం కావడానికి వేసుకున్నవే.

మంచి ఏడాదిలో పీడీ 2 శాతం. భాగస్వాముల గొడవో, విదేశీ కొనుగోలుదారు సరుకు తిప్పి పంపడమో, ఇలా ఆ ఫ్యాక్టరీ సొంత కారణంతోనే ఖాతా చెడుతుంది. అప్పటికి బాకీ 3 కోట్లు ఉంటుంది. గుజ్జుకు గిరాకీ ఉంది కాబట్టి నిల్వ అమ్ముకుంటే చాలావరకు వసూలవుతుంది, ఎల్‌జీడీ 25 శాతం. చెడ్డ ఏడాదిలో పీడీ 15 శాతానికి పోతుంది, బాకీ 4.8 కోట్లకు చేరుతుంది, ఎల్‌జీడీ 55 శాతం అవుతుంది.

ఇప్పుడు మామూలుగా చేసే పని చూడండి. మూడింటికీ అయిదేళ్ల సగటు తీస్తారు. పీడీ సగటు 4.6 శాతం, ఎల్‌జీడీ సగటు 31 శాతం, బాకీ సగటు 3.36 కోట్లు. మూడూ గుణించి, 20 ఖాతాలకు లెక్కేస్తే ఏడాదికి సుమారు 96 లక్షల నష్టం వస్తుంది.

అదే లెక్కను ఏడాదికేడాది విడిగా వేద్దాం. మంచి ఏడాదిలో 20 ఖాతాల అంచనా నష్టం 30 లక్షలు. చెడ్డ ఏడాదిలో 7.92 కోట్లు. నాలుగు మంచి ఏళ్లకూ ఒక చెడ్డ ఏడాదికీ కలిపి సగటు తీస్తే ఏడాదికి 1.82 కోట్లు. పై లెక్కకు దాదాపు రెట్టింపు. కొత్త సమాచారం ఏదీ చేర్చలేదు, అవే అంకెలు. ముందు సగటు తీసి తర్వాత గుణించడానికీ, ముందు గుణించి తర్వాత సగటు తీయడానికీ మధ్య తేడా 86 లక్షలు.

తేడా ఎందుకొచ్చిందంటే, మొదటి పద్ధతి ఈ మూడు అంకెలకూ ఒకదానితో ఒకటి సంబంధం లేదని లోలోపల నమ్ముతుంది. ఎగవేతలు ఎక్కువగా ఉన్న ఏడాదిలో బాకీ, వసూలు రెండూ మామూలుగానే ఉంటాయని అనుకుంటుంది. గుజ్జు విషయంలో మూడింటినీ కదిలించేది ఒకే కారణం. అది ఎలా కదిలిస్తుందో ఒక్కో అంకెనూ పట్టి చూడాలి.

బాకీతో మొదలుపెడదాం. చిత్తూరు ప్రాంతంలో తోతాపురి గుజ్జు పని జూన్, జూలై నెలల్లో ముమ్మరంగా నడుస్తుంది. ఏడాది పొడవునా అమ్మాల్సిన సరుకంతా ఆ కొద్ది వారాల్లోనే తయారవుతుంది. కాయ కొనుగోలు, కూలీలు, కరెంటు, డ్రమ్ములు అన్నిటికీ డబ్బు అప్పుడే కావాలి. కాబట్టి సీసీ ఖాతా సీజన్‌లో అంచుదాకా వెళ్లి, సరుకు అమ్ముడయ్యే కొద్దీ దిగుతూ వస్తుంది. బ్యాంకుల పద్దులు ముగిసేది మార్చి 31న, అంటే ఈ ఖాతాల్లో బాకీ కిందికి దిగి ఉండాల్సిన సమయంలో. ఆ రోజు బాకీ 3 కోట్లు ఉందని చూసి ఈఏడీ 3 కోట్లు అని రాసుకుంటే, సీజన్ తర్వాత చెడబోయే ఖాతా గురించి ఆ అంకె ఏమీ చెప్పదు.

వాడని లిమిట్‌లో ఎంత భాగం ఎగవేతలోపు వాడేస్తారో కూడా లెక్కలోకి రావాలి. దీన్ని క్రెడిట్ కన్వర్షన్ ఫ్యాక్టర్ అంటారు. మార్చిలో 3 కోట్లు వాడి, 2 కోట్లు మిగిలిన ఖాతా, చెడే రోజుకు 4.8 కోట్లకు చేరితే మిగిలిన 2 కోట్లలో 1.8 కోట్లు, అంటే 90 శాతం వాడేసినట్టు. నిలవ సరుకు కదలని ఏడాది జరిగేది ఇదే. అమ్మకం డబ్బు రాదు, పాత బాకీ దిగదు, కొత్త సీజన్ ఖర్చు దాని మీదికొచ్చి పడుతుంది. లిమిట్‌ను ఎప్పుడైనా రద్దు చేయవచ్చనే షరతు ఒప్పందంలో ఉంటుంది గానీ, రద్దు చేయాలని బ్యాంకుకు తోచే సమయానికి రద్దు చేయడానికి మిగిలేది పది ఇరవై లక్షలే.

ఇక ఎల్‌జీడీ. ఇది మూడింటిలోకీ తక్కువ శ్రద్ధతో రాసే అంకె, ఎక్కువ మోసం చేసే అంకె. ఒక ఖాతాను చివరిదాకా అనుసరిస్తే సంగతి తేలుతుంది. ఫ్యాక్టరీ తన నెలవారీ స్టాక్ స్టేట్‌మెంట్‌లో 1,000 టన్నుల గుజ్జు, టన్ను 64,000 రూపాయలు అని చూపింది. విలువ 6.4 కోట్లు. 25 శాతం మార్జిన్ తీసేస్తే డ్రాయింగ్ పవర్, అంటే ఆ సరుకు మీద ఖాతాలోంచి తీసుకోగల గరిష్ఠ మొత్తం, 4.8 కోట్లు. బాకీ కూడా 4.8 కోట్లే. కాగితం మీద చూస్తే అప్పుకు మించి కోటీ అరవై లక్షల సరుకు అదనంగా ఉంది, కాబట్టి నష్టం ప్రసక్తే లేదనిపిస్తుంది.

ఖాతా చెడిన తర్వాత స్టాక్ ఆడిటర్ వెళ్లి డ్రమ్ములు లెక్కపెడితే తేలింది 800 టన్నులు. ఈ సరుకు బ్యాంకుకు హైపోథికేషన్‌లో ఉంటుంది, అంటే తాళం ఫ్యాక్టరీ యజమాని దగ్గరే. తగ్గిన 200 టన్నులు ఎప్పుడు ఎటు పోయాయో ఎవరూ చెప్పరు. ఉన్న సరుకు కూడా నిరుటిది. అసెప్టిక్ పద్ధతిలో నింపిన గుజ్జు ఒక సీజన్ దాటి నిల్వ ఉంటుంది కానీ, రంగు ముదిరే కొద్దీ కొనేవాడు ధర తెగ్గోస్తాడు. పైగా అందరి గోదాముల్లోనూ అదే సరుకు ఉంది. టన్నుకు 40,000 మించి రాలేదు. 800 టన్నులకు 3.2 కోట్లు. గోదాము అద్దె, కాపలా, బీమా, వేలం, కోర్టు ఖర్చులకు 50 లక్షలు తీసేస్తే మిగిలేది 2.7 కోట్లు.

అక్కడితో లెక్క అయిపోలేదు, ఆ డబ్బు ఎప్పుడు చేతికొచ్చిందో చూడాలి. కోర్టుకు వెళ్లకుండానే తాకట్టును స్వాధీనం చేసుకోనిచ్చే సర్ఫేసీ చట్టం కింద మొదటి నోటీసుకే 60 రోజుల గడువు ఇవ్వాలి. ఆ తర్వాత అభ్యంతరాలు, ట్రిబ్యునల్, మళ్లీ మళ్లీ వేలం. డబ్బు రెండేళ్లకు వచ్చిందనుకుని, ఏడాదికి 12 శాతం చొప్పున వెనక్కి లెక్కిస్తే 2.7 కోట్ల నేటి విలువ సుమారు 2.15 కోట్లు. 4.8 కోట్ల బాకీలో పోయింది 2.65 కోట్లు, 55 శాతం. ఫ్యాక్టరీ స్థలం, భవనం వేరే బ్యాంకు టర్మ్ లోన్‌కు తాకట్టులో ఉన్నాయనుకుందాం, కాబట్టి అటు నుంచి వచ్చేదేమీ లేదు.

ఎల్‌జీడీని 25 నుంచి 55కు తీసుకెళ్లిన వాటిలో ధర ఒకటి మాత్రమే. సరుకు తరుగు, ఖర్చులు, ఆలస్యం కూడా తలో చెయ్యి వేశాయి. తాకట్టు విలువలోంచి కొంత శాతం తగ్గించి ఎల్‌జీడీ రాసేసుకునే చోట్ల సాధారణంగా మర్చిపోయేది చివరిదాన్ని. వడ్డీ లెక్క లేకుండా చూస్తే ఇదే ఖాతా ఎల్‌జీడీ 44 శాతంలోపే కనిపిస్తుంది.

స్టాక్ స్టేట్‌మెంట్ గురించి ఇంకో మాట. గుజ్జు ధర 64,000 నుంచి 40,000కు పడిందని యజమాని నిజాయితీగా రాస్తే డ్రాయింగ్ పవర్ 4.8 కోట్ల నుంచి 3 కోట్లకు పడుతుంది, ఖాతా ఆ రోజే ఒక కోటీ ఎనభై లక్షలు మీరినట్టవుతుంది. అందుకే పాత ధరే రాస్తారు. కాయకు రైతులకు ఇవ్వాల్సిన బాకీని సరుకు విలువలోంచి తీసేశాకే డ్రాయింగ్ పవర్ లెక్కకట్టాలి. ఆ బాకీ కూడా చాలాసార్లు స్టేట్‌మెంట్‌లోకి రాదు. చెడ్డ కాలంలో డ్రాయింగ్ పవర్ అంకె ఎంత స్థిరంగా ఉంటే అంత అనుమానించాలి.

పీడీ దగ్గరికొస్తే, ముందు ఎగవేత అంటే ఏమిటో తేల్చుకోవాలి. వాయిదాల అప్పుకు 90 రోజుల బకాయి గీత అందరికీ తెలిసిందే. సీసీ ఖాతాలో వాయిదా ఉండదు. బాకీ 90 రోజులపాటు ఆగకుండా లిమిట్‌నో డ్రాయింగ్ పవర్‌నో మించి ఉన్నా, 90 రోజుల్లో జమలే లేకపోయినా, ఉన్న జమలు వడ్డీకి కూడా చాలకపోయినా ఖాతా ‘అవుట్ ఆఫ్ ఆర్డర్’ అవుతుంది, ఎన్‌పీఏ కిందికి వస్తుంది. నలభై రోజులకోసారి ఎవరి దగ్గరో చేబదులు తెచ్చి జమ చేసి, మర్నాడు తీసుకునే ఖాతా ఈ గీత దాటకుండా చాలాకాలం నెట్టుకురాగలదు. ఎగవేతలను లెక్కపెట్టే పట్టికలో అది మంచి ఖాతాగానే ఉంటుంది.

ఇరవై ఖాతాల చిన్న గుంపులో పీడీ కొలవడం కూడా తేలిక కాదు. పీడీ 2 శాతం అయితే మంచి ఏడాదిలో ఒక్క ఖాతా కూడా చెడకపోయే అవకాశం 67 శాతం ఉంది. అంటే వరసగా రెండు మూడేళ్లు సున్నా రావడం వింతేమీ కాదు. నాలుగేళ్ల రికార్డు చూపించి ‘మా గుజ్జు ఖాతాల్లో ఎగవేతే లేదు’ అని క్రెడిట్ కమిటీలో చెప్పేవాళ్లు నిజమే చెబుతున్నారు. కాకపోతే ఆ రికార్డు చెప్పేది ఆ నాలుగేళ్ల మార్కెట్ గురించి. చెడ్డ ఏడాది ఒక్కటైనా ఉన్న కాలాన్ని తీసుకోకపోతే పీడీ సగటు 4.6 కాదు, 2 అనే తేలుతుంది. మొత్తం లెక్క 96 లక్షల దగ్గర కూడా ఆగదు, 30 లక్షలకు పడిపోతుంది.

దీనికి దిద్దుబాటు ఉంది, అదేమీ పెద్ద గణితం కాదు. బాకీ, ఎల్‌జీడీ సగటులను ఏళ్ల మీద కాకుండా, చెడిన ఖాతాల మీద తీయాలి. అయిదేళ్లలో మంచి ఏళ్లవి 1.6 ఎగవేతలు, చెడ్డ ఏడాదివి 3. మొత్తం 4.6. చెడిన ఖాతాల మీద లెక్కిస్తే బాకీ సగటు 3.36 కాదు, 4.17 కోట్లు. ఆ బాకీల బరువుతో ఎల్‌జీడీ సగటు తీస్తే 31 కాదు, 47.5 శాతం. ఇప్పుడు 4.6 శాతాన్ని వీటితో గుణించి చూస్తే మళ్లీ 1.82 కోట్లే వస్తుంది. బ్యాంకుల మూలధనానికి సంబంధించిన అంతర్జాతీయ బాసెల్ నియమాలు కూడా సొంత మోడళ్లు వాడే బ్యాంకులను అడిగేది ఇదే దారిలో ఉంటుంది: ఎల్‌జీడీ అంకె ఎగవేతల బరువుతో తీసిన దీర్ఘకాలపు సగటు కంటే తగ్గకూడదు, ఆర్థిక మాంద్యంలో వసూళ్లు ఎలా ఉంటాయో కూడా అందులో కనబడాలి.

వడ్డీ రేటులో ఈ తేడా ఎలా కనబడుతుందంటే, 20 ఖాతాల సగటు బాకీ 67.2 కోట్లు. 96 లక్షలు దానిలో 1.4 శాతం, 1.82 కోట్లు 2.7 శాతం. నష్టభయానికి ఒకటిన్నర శాతం వడ్డీలో కలిపి, మిగతాదంతా లాభమనుకున్న బ్యాంకు ఏటా ఒక శాతానికి పైగా చేతినుంచి పెట్టుకుంటోంది. నాలుగేళ్లపాటు ఆ సంగతి తెలియదు, లాభమే కనిపిస్తుంది. అయిదో ఏడు 7.92 కోట్లు ఒకేసారి వచ్చి పడతాయి.

ఆ 7.92 కోట్ల గురించే ఇంకో ఇబ్బంది ఉంది. అంచనా నష్టం అనేది సగటు. ఆ ఒక్క ఏడాదికి 1.82 కోట్లు పక్కన పెట్టినా, అది చెడ్డదైతే ఇంకా 6 కోట్లకు పైగా తక్కువ పడుతుంది. సగటుకు మించి వచ్చే నష్టాన్ని భరించాల్సింది బ్యాంకు మూలధనం. ఇరవై మందికి పంచి ఇచ్చాం కాబట్టి రిస్క్ పంచుకుపోయిందనే వాదన ఇక్కడ నిలవదు. ఒకే పంట, ఒకే సీజన్, చాలావరకు అవే ఎగుమతి దేశాలు. పేర్లు ఇరవై ఉన్నా, మార్కెట్ పడిన ఏడాది ఇరవైకీ కలిపి ఒకటే ఖాతా అన్నట్టు ప్రవర్తిస్తాయి. అదే శాఖ మామిడి రైతులకూ అప్పులిచ్చి ఉంటే చిక్కు ఇంకా పెద్దది. ఫ్యాక్టరీ రైతుకు డబ్బు ఆలస్యం చేస్తుంది, రైతు బ్యాంకుకు ఆలస్యం చేస్తాడు. వ్యవసాయ భూమి మీద సర్ఫేసీ చట్టం పనిచేయదు కాబట్టి అక్కడి వసూలు లెక్క పూర్తిగా వేరు.

తిరుపతి లాడ్జీలకు ఇచ్చిన అప్పులు కూడా ఇదే బ్యాంకు పద్దుల్లో ఉంటే కొంత ఊరట. వాటి ఆదాయం భక్తుల రాకపోకల మీద ఆధారపడింది, గుజ్జు ధరతో పనిలేదు. కానీ ఆ లాడ్జీలన్నీ మళ్లీ ఒక గుంపు. 2020 మార్చి నుంచి జూన్ దాకా తిరుమలలో భక్తులకు దర్శనం ఆగినప్పుడు కొండ కింద ఏ లాడ్జీ మాత్రం నిండింది? మామిడి గుంపు, లాడ్జీల గుంపు ఒకే ఏడాది పడకపోవచ్చు, కానీ ఒక్కో గుంపు లోపల పంపకం లేదు. బంగారం అప్పులు ఈ రెంటికీ భిన్నం. అక్కడ వాయిదా తప్పేవాళ్లు ఎక్కువగానే ఉండొచ్చు, కానీ తాకట్టు బ్యాంకు బీరువాలోనే ఉంటుంది కాబట్టి ఎల్‌జీడీ చాలా తక్కువ.

మరి చెడ్డ ఏడాది వస్తోందని ముందే ఎలా తెలుస్తుంది? ఇండ్ ఏఎస్ 109 అనే అకౌంటింగ్ ప్రమాణాన్ని పాటించే ఎన్‌బీఎఫ్‌సీల్లో, అంటే బ్యాంకులు కాని ఫైనాన్స్ కంపెనీల్లో, 30 రోజుల బకాయి దాటితే ఖాతా రిస్క్ బాగా పెరిగిందని భావించి రెండో దశకు మార్చి, ఏడాది నష్టం బదులు అప్పు కాలమంతటి నష్టాన్నీ లెక్కిస్తారు. గుజ్జు ఖాతాకు 30 రోజుల గీత ఆలస్యమే. ఫిబ్రవరిలో బాకీ దిగిందా లేదా అన్నది అంతకంటే చాలా ముందు మాట్లాడుతుంది. మామూలు ఏళ్లలో ఆ సమయానికి 3 కోట్లకు దిగే ఖాతా 4.5 కోట్ల దగ్గరే ఆగి ఉంటే, సరుకు లోపలే ఉందని అర్థం. స్టాక్ స్టేట్‌మెంట్‌లోని అమ్మకాలను జీఎస్టీ రిటర్నులతో, ఈ-వే బిల్లులతో సరిచూడవచ్చు. సీజన్ కరెంటు బిల్లు చూస్తే ఎంత గుజ్జు తీసి ఉంటారో ఉజ్జాయింపుగా తెలుస్తుంది. డ్రమ్ముల మీద బ్యాచ్ నంబరు, తయారీ తేదీ ఉంటాయి. వాటిని పది నిమిషాలు చదివితే నిరుటి సరుకు ఎంతో, ఈ ఏటిది ఎంతో తేలిపోతుంది. మొత్తం టన్నులు లెక్కపెట్టి, తేదీలు చూడకుండా వచ్చిన స్టాక్ ఆడిట్ ఈ పనికి సగమే ఉపయోగం.

ఆ సంకేతాలు కనిపించాక పాత సగటును పట్టుకు కూర్చోకూడదు. చెడ్డ ఏడాదికి ఇచ్చిన 20 శాతం బరువు, ఏమీ తెలియని రోజున ఇచ్చిన బరువు. మార్చి నాటికి చాలా ఫ్యాక్టరీల్లో నిరుటి డ్రమ్ములు అలాగే ఉన్నాయని తెలిసినప్పుడు ఆ బరువు 60 శాతం కావచ్చు. అప్పుడు రాబోయే ఏడాది అంచనా నష్టం 1.82 కోట్లు కాదు, 4.87 కోట్లు. కాయ ఇంకా చెట్టు మీదే ఉంటుంది, ఏ ఖాతా 90 రోజుల గీత దాటి ఉండదు, కొత్త సీజన్‌కు లిమిట్ పెంచమనే దరఖాస్తులు మాత్రం బల్ల మీదికి వచ్చి ఉంటాయి.